పాస్‌పోర్టు అసలు గడువు ఎప్పటిదాకా?

పాస్‌పోర్టులో అచ్చయిన గడువు తేదీ చూసుకుని ‘ఇంకా చాలా నెలలుందిలే’ అనుకుంటాం. కానీ పదేళ్ల పాస్‌పోర్టు చాలా దేశాల దగ్గర తొమ్మిదిన్నరేళ్లకే పనికిరాకుండా పోతుంది. సింగపూర్, మలేసియా, దుబాయ్ లాంటి చోట్ల కనీసం ఆరు నెలల గడువు మిగిలి ఉండాలన్నది నిబంధన.

ఎన్ని నెలలన్నదే కాదు, ఏ రోజు నుంచి లెక్కిస్తారన్నదీ చూసుకోవాలి. ఒకరి పాస్‌పోర్టు 2027 మార్చి 15తో ముగుస్తుందనుకుందాం. ఆయన 2026 సెప్టెంబరు 10న దుబాయ్‌లో దిగితే ఆరు నెలలు మార్చి 10కే నిండుతాయి కాబట్టి ఇబ్బంది లేదు. అదే మనిషి డిసెంబరులో పారిస్ వెళ్లి 20న తిరుగు విమానం ఎక్కాలనుకుంటే కుదరదు. షెంజెన్ దేశాలు అడిగేది మూడు నెలలే అయినా, వాళ్లు లెక్కించేది అక్కడి నుంచి బయటికొచ్చే రోజు నుంచి. అంటే మార్చి 20 దాకా గడువుండాలి. అయిదు రోజుల తేడాతో వీసా దగ్గరే ఆగిపోతుంది.

వారం రోజులు ఉండి వచ్చేవాళ్ల దగ్గర ఇంత గడువు ఎందుకు అడుగుతారు? వెళ్లినవాళ్లు అనుకున్న రోజుకే తిరిగొస్తారన్న నమ్మకం లేదు కనుక. ఆస్పత్రి పాలు కావచ్చు, విమానాలు ఆగిపోవచ్చు. 2020లో కరోనా వేళ ఎందరో నెలల తరబడి ఎక్కడివాళ్లక్కడ చిక్కుకుపోయారు. కొందరు కావాలనే ఉండిపోతారు. అలాంటివాళ్లను వెనక్కి పంపాలన్నా చెల్లే పాస్‌పోర్టు ఉండాల్సిందే. సరైన పత్రాలు లేని ప్రయాణికుణ్ని తీసుకెళితే వెనక్కి తెచ్చే బాధ్యత విమాన సంస్థ మీద పడుతుంది, చాలా దేశాలు జరిమానా కూడా వేస్తాయి. అందుకే శంషాబాద్‌లో చెకిన్ కౌంటర్ దగ్గరే ఆపేస్తారు. అక్కడ ఎంత బతిమాలినా ఫలితం ఉండదు.

అమెరికా సంగతి వేరు, మనవాళ్లు ఎక్కువగా పొరబడేదీ అక్కడే. భారత్‌తో ఉన్న ఒప్పందం వల్ల మన పాస్‌పోర్టుకు అమెరికా ఆరు నెలల నిబంధన పెట్టదు. గడువు చివరి రోజు దాకా చెల్లుతుంది. వినడానికి బాగానే ఉంటుంది కానీ, ఉండనిచ్చేది కూడా సాధారణంగా ఆ చివరి రోజు దాకానే. కూతురి పురిటికి వెళ్లే తల్లిదండ్రులకు పదేళ్ల వీసా ఉంటుంది, మామూలుగా ఆరు నెలలు ఉండనిస్తారు. పాస్‌పోర్టుకు నాలుగు నెలలే మిగిలుంటే ఐ-94 రికార్డులో ఆ నాలుగు నెలల తేదీయే పడొచ్చు. హెచ్-1బీ మీద ఉద్యోగం చేసే పిల్లలకూ ఇదే వర్తిస్తుంది. కంపెనీ తెచ్చిన అనుమతి మూడేళ్లున్నా, ఐ-94 పాస్‌పోర్టు గడువుతోనే ఆగిపోవచ్చు. అక్కడి భారత కాన్సులేట్‌లో కొత్త పాస్‌పోర్టు తీసుకున్నంత మాత్రాన ఆ తేదీ దానంతటది పెరగదు. గడువులోగా పొడిగింపు కోరాలి, లేదా దేశం దాటి మళ్లీ ప్రవేశించాలి. చూసుకోకపోతే తెలియకుండానే అక్రమంగా ఉన్నట్టవుతుంది. దిగిన వారంలోపే i94.cbp.dhs.gov లో ఆ తేదీ చూసుకోవడం మంచిది.

ఖాళీ పేజీల గొడవ ఇంత లోతైనది కాదు. వీసా స్టిక్కరుకు ఒక పేజీ మొత్తం పోతుంది, రాకపోకల ముద్రలకు చోటుండాలి. షెంజెన్ వీసాకైతే రెండు ఖాళీ పేజీలు తప్పనిసరి. మన దగ్గర అదనపు పేజీలు కుట్టివ్వరు. పేజీలు అయిపోతే గడువు ఎన్నేళ్లున్నా పాస్‌పోర్టు మార్చుకోవాల్సిందే. పెద్దవాళ్లకు 36 పేజీల పుస్తకం 1500 రూపాయలు, 60 పేజీలది 2000. తరచూ తిరిగేవాళ్లు ఆ అయిదొందలకు వెనకాడకూడదు.

గడువుకు ఏడాది ముందు నుంచే రీఇష్యూకు దరఖాస్తు చేయొచ్చు. మిగిలిన నెలలు కొత్తదానిలో కలపరు, అవి పోయినట్టే. అయినా ఆ నష్టమే నయం. పైన చెప్పిన మనిషి 2026 మార్చి తర్వాత ఏ నెలలో మార్చుకున్నా డిసెంబరు ప్రయాణం నిశ్చింతగా సాగేది. ఒక్కటే చిక్కు: వీసా కోసం పాస్‌పోర్టు కాన్సులేట్‌లో ఉన్నప్పుడు రీఇష్యూ కుదరదు, అసలుది చేతిలో ఉండాలి. కాబట్టి ముందు పాస్‌పోర్టు, తర్వాత వీసా, ఆ తర్వాతే టికెట్లు. పిల్లల పాస్‌పోర్టు సాధారణంగా అయిదేళ్లకే ముగుస్తుంది. కుటుంబమంతా బయల్దేరేటప్పుడు ముందు దాన్నే తీసి చూడండి.

పాత పాస్‌పోర్టును మూల కత్తిరించి, రద్దు ముద్ర వేసి తిరిగి ఇచ్చేస్తారు. అందులో గడువున్న అమెరికా వీసా ఉంటే అది చెల్లుతుంది, కొత్తదానితో పాటు పాతదీ వెంట తీసుకెళ్లాలి. దాన్ని బీరువాలో వదిలేసి బయల్దేరకండి.