ఆశ్రమ చతుష్టయం: కోనసీమ ఆహితాగ్నుల జీవనక్రమం

బ్రహ్మచర్యం, గార్హస్థ్యం, వానప్రస్థం, సన్న్యాసం అనే నాలుగు ఆశ్రమాలను వయసుతోపాటు వరుసగా ఎక్కవలసిన మెట్లుగా భావించడం పరిపాటి. ఈ వరుసను స్థిరపరచింది ప్రధానంగా మనుస్మృతి. అంతకంటె ప్రాచీనమైన ఆపస్తంబ ధర్మసూత్రం దృష్టి వేరు. అది గార్హస్థ్యాన్ని మొదట పేర్కొని, ఆచార్యకులవాసాన్ని, మౌనాన్ని, వానప్రస్థాన్ని ఆ తరువాత చెప్పింది. అక్కడ ఇవి ఒకే జీవితంలోని దశలు కావు; విద్య ముగించిన వ్యక్తి ఎంచుకోదగిన వేర్వేరు మార్గాలు. బౌధాయన, గౌతమ ధర్మసూత్రాలైతే గార్హస్థ్యమొక్కటే ఆశ్రమమనే ఆచార్యుల వాదాన్ని కూడ నమోదు చేశాయి. ఆశ్రమ వ్యవస్థ వికల్పాల నుండి క్రమంగా మారిన తీరును పాట్రిక్ ఒలివెల్ 1993 నాటి గ్రంథంలో విపులంగా చర్చించారు.

ఈ భేదం కేవలం గ్రంథస్థం కాదనడానికి గోదావరి డెల్టాయే నిదర్శనం. గౌతమీ, వసిష్ఠ పాయల నడుమనున్న కోనసీమ వైదిక కుటుంబాలలో అధిక భాగం కృష్ణయజుర్వేద తైత్తిరీయ శాఖకు, ఆపస్తంబ సూత్రానికి చెందినవి. ఈ అగ్రహారాలలోని ఆహితాగ్నుల జీవితాలను డేవిడ్ నైప్ 1980 నుండి దీర్ఘకాలం పరిశీలించి, 2015లో 'వేదిక్ వాయిసెస్' అనే గ్రంథంగా వెలువరించారు.

అక్కడ అధ్యయనం ఉపనయనంతో ఆరంభమవుతుంది. గురువు తరచుగా తండ్రియో, తాతయో అవుతాడు కాబట్టి గురుకులం, గృహం వేరు కావు. సంహితలో 44, బ్రాహ్మణంలో 28, ఆరణ్యకంలో 10, మొత్తం 82 పన్నాలు స్వరంతో కంఠస్థం కావడానికి ఏళ్లు పడుతుంది. ఆపైన క్రమం, ఘనం. వివాహంతో ఈ విద్య ముగియదు. గృహస్థుడైన పిమ్మట కూడ ప్రతిదిన స్వాధ్యాయంగా కొనసాగుతుంది. అంటే మొదటి ఆశ్రమం రెండవదానిలోకి ప్రవహిస్తుందే గాని దానికి చోటిచ్చి తప్పుకోదు.

గార్హస్థ్యానికి ఇక్కడ కేంద్రం అగ్ని. వివాహమాత్రాన ఎవరూ ఆహితాగ్ని కారు. దంపతులిద్దరూ కలిసి అగ్న్యాధానం చేసి గార్హపత్యం, ఆహవనీయం, దక్షిణాగ్ని అనే మూడు అగ్నులను ప్రతిష్ఠించుకోవాలి. ఆనాటి నుండి ఉదయసాయంకాలాలలో అగ్నిహోత్రం, పర్వదినాలలో దర్శపూర్ణమాసేష్టులు. పత్ని లేక ఆధానం లేదు. ధర్మసంతానాలు గల భార్య ఉండగా వేరొకరిని వివాహమాడరాదని, అవి లోపించినా ఆధానానికి పూర్వమే అందుకు అవకాశమని ఆపస్తంబుడు చెప్పడానికి కారణం ఈ సహాధికారమే.

చిక్కు మూడవ ఆశ్రమం దగ్గర మొదలవుతుంది. చర్మం ముడతలు పడి, తల నెరసి, మనుమడు పుట్టినప్పుడు అడవికి వెళ్లమన్నది మనువు విధానం; అగ్నిహోత్రాన్ని వెంట తీసుకొనిపోవాలని కూడ అందులోనే ఉంది. కోనసీమలో అడవి లేదు. ఉన్నవి కొబ్బరితోటలు, వరిచేలు, కాలువలు. పైగా వానప్రస్థం కలివర్జ్యమని నిబంధకారులు ఉదాహరించే జాబితాలు చెబుతాయి. అయితే అగ్నిహోత్రాన్నీ, సన్న్యాసాన్నీ నిషేధించే కలివర్జ్య వచనమొకటి కూడ ప్రసిద్ధమే. ఆ నిషేధాన్ని లెక్కచేయక అగ్నిహోత్రం నిలిచింది; వానప్రస్థం నిలువలేదు. ఈ ఎంపికను గ్రంథం కంటె ఆచారమే ఎక్కువగా నిర్ణయించిందనుకోవాలి.

కాబట్టి ఆహితాగ్నికి విశ్రాంతి వయసుతో రాదు. అది ఎక్కువగా పత్నీవియోగంతో వస్తుంది. భార్య ముందుగా మరణిస్తే ఆమెను ఆ శ్రౌతాగ్నులతోనే, యజ్ఞపాత్రలతోనే దహించాలని విధి. ఆమెతో అగ్నులూ వెళ్లిపోతాయి. పునర్వివాహం చేసుకొని తిరిగి ఆధానం చేయవచ్చునని మనుస్మృతి అనుమతిస్తుంది గాని వృద్ధునికి అది మాటవరుసకే. నిన్నటివరకు రెండు పూటలా హోమం చేసిన వ్యక్తి ఒక్క దినంలో ఆ అధికారం కోల్పోతాడు. భర్త ముందు మరణిస్తే అగ్నులు అతనికి చెందుతాయి. మిగిలిన స్త్రీకి పునరాధాన మార్గమే లేదు. ఆధానంలో సమానంగా అవసరమైన ఆమెకు ఆశ్రమ విభజనలో స్వతంత్ర స్థానం లేకపోవడం ఈ సందర్భంలోనే స్పష్టంగా బయటపడుతుంది.

సన్న్యాసం మరొక రకమైన నష్టాన్ని కోరుతుంది. సన్న్యసించేవాడు ప్రాజాపత్యేష్టి చేసి, అగ్నులను తనలో ఆరోపించుకొని, బాహ్యాగ్నిని విడిచిపెట్టాలి. ఆ తరువాత అతనికి దహనం ఉండదు, ఖననమే. ఆహితాగ్ని విషయంలో దహనం కేవలం అంత్యక్రియ కాదు. జీవితమంతా వాడిన పాత్రలను అవయవాలపై అమర్చి, తన అగ్నులకే దేహాన్ని సమర్పించే చివరి ఆహుతి అది. సన్న్యసిస్తే ఆ ఆహుతిని వదులుకోవాలి. మృత్యువు సమీపించినప్పుడు వాక్కుతోనో, మనస్సుతోనో స్వీకరించే ఆతురసన్న్యాసానికి శాస్త్రసమ్మతి ఉన్నా, అగ్నులు నిలిచి ఉన్న ఇంట ఈ వికల్పం ఎప్పుడూ రెండు ధర్మాల నడుమ ఎంపికే. ఆపస్తంబుడు కూడ ఊర్ధ్వరేతస్కులే శ్రేష్ఠులన్న వాదాన్ని ప్రస్తావించి, వేదవిహిత కర్మలవైపే మొగ్గు చూపాడు.