గర్భిణి నాడి ఎందుకు వేగిరపడుతుంది?

ఇటీవల మన ఇండ్లలో చేతి గడియారం కాలాన్ని చెప్పడంతో తృప్తిపడక నాడిని కూడ లెక్కిస్తున్నది. దాని వలన కొంత మేలు, కొంత కలవరం రెండూ కలుగుతున్నవి. షార్జాలో నివసిస్తున్న, 30 వారాల గర్భవతియైన ఒక గృహిణిని ఊహించుకుందాం. జూలై మధ్యాహ్నం సరుకుల సంచులతో, ఎండలో కాగిన కారు దిగి ఇల్లు చేరేసరికి గడియారంలో 118 అన్న అంకె కనిపించింది. గర్భం రాకముందు ఆమె నాడి 72. భర్త కంగారుపడి విజయవాడలోని అత్తగారికి ఫోను చేశాడు. ఈ కంగారుకు కారణమున్నదా?

ముందుగా దేహంలో జరిగే మార్పును తెలుసుకోవాలి. గర్భం నిలిచిన తొలి వారాలలోనే హార్మోనుల ప్రభావం వలన రక్తనాళాలు సడలుతాయి. గొట్టాలు వెడల్పయినపుడు వాటిని నింపడానికి ఎక్కువ ద్రవం కావాలి గనుక మూత్రపిండాలు ఉప్పును, నీటిని నిలువచేస్తాయి. నెలలు నిండేసరికి రక్తంలోని ద్రవభాగం 40 నుండి 50 శాతం దాకా పెరుగుతుంది. ఎర్రకణాలు అంతగా పెరగవు. అందుచేతనే గర్భిణి రక్తం కొంత పలుచబడుతుంది. ఈ రక్తాన్నంతటినీ తిప్పడానికి గుండె నిమిషానికి 30 నుండి 50 శాతం అదనంగా పంపు చేయాలి. మొదటి మాసాలలో ఒక్కొక్క స్పందనకు ఎక్కువ రక్తాన్ని నెట్టి ఆ పని నెరవేరుస్తుంది. తరువాత స్పందనల సంఖ్యను పెంచుకుంటుంది. చివరి మాసాలకు నాడి మునుపటికంటె 10 నుండి 20 వరకు హెచ్చడం సహజం. 2020లో ప్రచురితమైన ఒక బ్రిటిష్ పరిశోధనలో ఆరోగ్యవతులైన గర్భిణుల మధ్యస్థ నాడి 12 వారాలకు 82గాను, 34 వారాలకు 91గాను తేలింది. ఆ చివరి దశలో 115 వరకు ఉన్నవారూ ఆరోగ్యంగానే ఉన్నారు.

మన గృహిణి చల్లని గదిలో కూర్చుని, రెండు గ్లాసుల నీరు త్రాగి, పది నిమిషాల తరువాత మణికట్టు మీద రెండు వేళ్ళుంచి నిండు నిమిషం లెక్కించింది. 94. గల్ఫు వేసవిలో చెమటగా పోయిన నీటికి, ఎండకు, మోతబరువుకు ఆమె గుండె ఇచ్చిన సమాధానమే ఆ 118. గడియారం చూపే అంకె చేయి కదిలినపుడు తప్పవచ్చు. వేళ్ళతో లెక్కించినదే నమ్మదగినది. వెల్లకిలా పడుకుని చూడరాదు. ఐదవ నెల దాటిన గర్భాశయం వీపువైపున్న పెద్ద సిరను నొక్కి, గుండెకు తిరిగి చేరే రక్తాన్ని తగ్గిస్తుంది. నాడి పరుగెత్తి, తల తిరుగుతుంది. ఎడమ ప్రక్కకు ఒత్తిగిలితే సర్దుకుంటుంది. (శిశువు గుండె 110 నుండి 160 దాకా కొట్టుకోవడం వేరే విషయం, ఆ అంకెను బట్టి ఆడో మగో చెప్పే పెద్దల మాటకు ఆధారం లేదు.)

మరి ఏ అంకెకు వైద్యుని పిలవాలి? విశ్రాంతిలో పలుమార్లు 100 దాటుతుంటే, ఒంట్లో మరే బాధ లేకున్నా, ఒకటి రెండు రోజులలో చెప్పాలి. రక్తహీనత, థైరాయిడు, జ్వరం, వాంతుల వలన నీరు తగ్గడం, వీటిలో ఏదో ఒకటి దొరకవచ్చు. పది నిమిషాలు కూర్చున్నా 120కి తగ్గకపోతే ఆ రోజే, అప్పుడే ఫోను చేయాలి. స్పృహ తప్పుతున్నట్లుండి నాడి 50కి దిగువనున్నా అంతే. కాని ఆయాసం, ఛాతీనొప్పి, మూర్ఛ, రక్తస్రావం, ఒకే కాలు వాచి నొప్పిపెట్టడం వీటితో కూడినపుడు అంకె ఎంతని చూడవద్దు. 998కి ఫోను చేసి అంబులెన్సు రప్పించాలి. కాలిలో గడ్డకట్టిన రక్తం ఊపిరితిత్తులకు చేరడం గర్భిణులలో అరుదైనా ప్రాణాంతకం.

రక్తస్రావం విషయంలో నాడికి ప్రత్యేకమైన విలువ ఉన్నది. అదనపు రక్తం ఉన్నందున గర్భిణి చాలా రక్తం కోల్పోయేవరకు రక్తపోటు పడిపోదు. ముందుగా నాడి పెరుగుతుంది. పై రక్తపోటు 100 ఉండగా నాడి 110కి చేరితే, అంటే నాడి రక్తపోటును మించితే, అది ఆసుపత్రి గడప తొక్కవలసిన సమయం.

చిన్ననాడు కీళ్ళజ్వరం వచ్చినవారు మరింత జాగ్రత్తపడాలి. ఆ జ్వరం వలన గుండెలోని మిట్రల్ కవాటం సన్నగిల్లినవారు మన ప్రాంతంలో ఇంకా ఉన్నారు. గర్భం వచ్చేవరకు కొందరికి ఆ సంగతే తెలియదు. నాడి 60 ఉన్నపుడు ఒక్కొక్క స్పందనకు ఒక సెకను దొరుకుతుంది; 120 ఉన్నపుడు అర సెకనే. ఆ తరుగుదల ఎక్కువగా గుండె నిండే విరామంలో పడుతుంది. సన్నని ద్వారం గుండా రక్తం సకాలంలో దిగక ఊపిరితిత్తులలో నిలిచిపోతుంది. మెట్లెక్కితే వచ్చే ఆయాసం మామూలే అనిపించవచ్చు. అయితే పడుకోగానే ఊపిరాడక దిండ్లు పేర్చుకోవడం, రాత్రి దగ్గుతో లేచి కూర్చోవడం మామూలు కాదు. కాన్పు తరువాత కొన్ని మాసాల వరకు ఈ గుర్తులను గమనించాలి, ఎందుకంటే గుండె కండరం బలహీనపడే ఒక జబ్బు అప్పుడు కూడ బయటపడుతుంది.

వైద్యునికి ఫోను చేసినపుడు ఎన్నవ వారం, కూర్చుని లెక్కించిన నాడి, ఎంతసేపటినుండి అలా ఉన్నది, జ్వరం, రక్తపోటు, వాడుతున్న మందులు, ఇవి ఒక కాగితంపై వ్రాసుకుని చెప్పండి. కీళ్ళజ్వరం సంగతి అడగకపోయినా చెప్పండి.