అరవై గొంతుల ఇంటికి ఒక పద్యం

వృద్ధాశ్రమం వార్షికోత్సవానికి పద్యం రాయమంటే చాలామంది మొదటి పాదంలోనే పిల్లల్ని నిలదీస్తారు. రెక్కలొచ్చి ఎగిరిపోయారు, కన్నవాళ్ళను మరిచారు అంటూ సాగుతుంది. ముందు వరుసలో కూర్చున్న కొడుకు తల దించుకుంటాడు. అతన్ని చూసి వేదిక మీదున్న తల్లి ఇబ్బంది పడుతుంది. ఆ పద్యం ఆమె పేరుతో చదివించినా ఆ మాటలు ఆమెవి కావు. ఆమె గొంతు వినాలంటే ముందు ఆమె దగ్గర కూర్చోవాలి.

కూర్చుని, మీ బాధలేమిటని అడగకూడదు. పొద్దున్న లేవగానే ఏం చేస్తారు, ఇక్కడి వంటలో ఏం బాగుంటుంది, ఒకప్పుడు మీ చేతిలో ఉన్న పని ఏది అని అడగాలి. రిటైరైన మాస్టారు ఎర్ర పెన్నుతో పేపర్లో అచ్చు తప్పులు దిద్దుతున్నానంటారు. పెద్ద సంసారం ఈదిన పిన్నిగారు చారులో ఇంగువ తక్కువైందంటారు. ఒక్కొక్కరికి రెండు పాదాలకు సరిపడా సరుకు ఇలాంటి మాటల్లోనే దొరుకుతుంది.

తర్వాత నడక చూసుకోవాలి. సీసం గంభీరమే గానీ దాని పాదం పెద్దది, ఎనభై ఏళ్ళ ఊపిరికి బరువు. నేనైతే గురజాడ 1910లో ముత్యాల సరాలకు వాడిన మిశ్రగతిని ఎంచుకుంటాను. పాదానికి పద్నాలుగు మాత్రలు, మూడు-నాలుగు-మూడు-నాలుగుగా విరుగుతాయి. తకిట తకధిమి తకిట తకధిమి అని తొడ మీద తాళం వేస్తే చాలు, ఎవరికైనా పట్టుబడుతుంది. హ్రస్వానికి ఒక మాత్ర, దీర్ఘానికి రెండు. సున్నా ఉన్న అక్షరానికీ, ఒత్తక్షరానికి ముందున్న దానికీ కూడా రెండే.

మాస్టారి మాటను ఆ నడకలో పెడదాం.

ఎర్ర పెన్నుతొ పేపరంతా
దిద్ది దిద్దీ టిఫిను మరిచా

ఎర్ర, పెన్నుతొ, పేప, రంతా అని విరిచి చూడండి, లెక్క సరిపోతుంది. పిన్నిగారి వంతు ఇది.

వంద మందికి వండి పెట్టా
ఇపుడు చారుకు మార్కులేస్తా

ఇక బస్సు డ్రైవరుగా పనిచేసిన పెద్దాయన.

బస్సు నడిపిన చేతులే ఇవి
వీలుచెయిరుకు హారనేదీ?

ఈ హాస్యం ఆ కుర్చీలో కూర్చున్నాయన నోట వస్తేనే అందం. అదే మాట పక్కవాళ్ళు అంటే ఎగతాళి అవుతుంది. ఏ చమత్కారం ఎవరికి ఇవ్వాలో తేల్చేది ఇదే. మోకాళ్ళ మీద, వినికిడి మీద, మతిమరుపు మీద ఎవరి జోకు వాళ్ళే వేసుకోవాలి. రాసిన పాదాలు ముందుగా వాళ్ళకే చదివి వినిపించాలి. వద్దంటే, కారణం అడక్కుండా కొట్టేయాలి.

బరువైన మాటకూ చోటుండాలి. లేకపోతే పద్యం వాళ్ళను నవ్వించే బొమ్మలుగా చూపిస్తుంది. వరంగల్ వైపు నుంచి వచ్చిన ఒక అమ్మ వంతు ఇలా ఉండొచ్చు.

ఆదివారం ఫోను వస్తది
అప్పటిదాక తీరికుండదు

ఎదురుచూపు ఉంది, నింద లేదు. "వస్తది"ని "వస్తుంది" అని దిద్దితే తాళమూ పోతుంది, ఆ అమ్మా పోతుంది. అందుకే ఎవరి యాస వాళ్ళకు ఉంచాలి.

ప్రతి ఇద్దరి తర్వాతా అందరూ కలిసి పాడే పల్లవి ఒకటి కావాలి.

ఇల్లు మారిన వాళ్ళమే మరి
ఊరు కూడా వచ్చె మాతో

దీనికి అందంతో పాటు ఉపయోగం కూడా ఉంది. పల్లవి సాగుతుండగా మైకు తర్వాతి వాళ్ళ చేతికి వెళ్తుంది, వాళ్ళు కాగితం సర్దుకుంటారు. మాట గుర్తుండనివాళ్ళకూ, ఒంటరిగా చదవడానికి జంకేవాళ్ళకూ ఇందులో చోటుంటుంది. అరవై మంది ఉన్న ఇంట్లో అందరికీ విడిగా పాదాలు రాస్తే సభ అలిసిపోతుంది. ఎనిమిది గొంతులు చాలు, మిగతావాళ్ళంతా పల్లవి.

రిహార్సల్‌లో చెవి పెట్టి వినాల్సింది తడబాటు. కట్టుడు పళ్ళున్నవాళ్ళకు శ, ష, స వరుసగా వస్తే నాలుక జారుతుంది. ఒకే మాట దగ్గర రెండుసార్లు ఆగితే మార్చాల్సింది మాటనే, మనిషిని కాదు. పాదం మధ్యలో ఊపిరి తీసుకుంటుంటే తాళాన్ని నెమ్మది చేయాలి. కాగితం మీద పెద్ద అక్షరాలు, ఒక పేజీకి ఒకరి రెండు పాదాలే, కింద పల్లవి.

వరుసలో మాస్టారు ముందుండాలి, పిల్లలకు పాఠం చెప్పిన గొంతు కాబట్టి సభ సర్దుకుంటుంది. ఫోను పాదాలు నడుమ రావాలి, వాటి వెంటనే పల్లవి రెండుసార్లు పాడాలి. ఆఖరి వంతు బస్సు పెద్దాయనది. "హారనేదీ" అన్న ప్రశ్నకు హాల్లో ఉన్న మనవలంతా నోటితో హారన్ కొడతారు. ఆ గోలకు రెండు నిమిషాలు కార్యక్రమంలో ముందే విడిగా ఉంచుకోండి.