బరువు వదిలి ఆటలోకి దిగే భోషాణం

వీడియో గేమ్‌లో ఒక పాతకాలపు ఇల్లు కట్టాలి. ఆ ఇంట్లో ఓ మూల భోషాణం ఉండాలి. టేకు పలకలు, వాటిని చుట్టి బిగించిన ఇనప పట్టీలు, పట్టీల మీద వరసగా గుండ్రటి మేకు తలలు, వాడగా వాడగా పెచ్చులూడిన మూలలు. ఆర్టిస్టు జీబ్రష్‌లోనో బ్లెండర్‌లోనో కూర్చుని, చెక్క ఈనెలు కూడా కంటికి ఆనేలా దాన్ని చెక్కుతాడు. పని పూర్తయ్యేసరికి ఆ పెట్టె ఇరవై లక్షల త్రిభుజాలైనా అవుతుంది. దీన్ని హై పాలీ మోడల్ అంటారు.

ఆట మాత్రం గదిలో ఉన్న ప్రతి వస్తువునూ సెకనుకు 60 సార్లు కొత్తగా గీయాలి. మూలనున్న పెట్టె ఒక్కటే అంత మోస్తే ఫోనులో ఆట ముందుకు కదలదు. అందుకని అదే కొలతలతో ఏడు వందల త్రిభుజాల లోపు మరో పెట్టె చేస్తారు. ఇది లో పాలీ. పలకలు నున్నగా, పట్టీలు చదునుగా ఉంటాయి, మేకులు అసలే ఉండవు. మొదటి పెట్టె మీది పనితనాన్ని ఈ రెండో పెట్టె మీదికి దించడమే బేకింగ్.

దీనికి ఆధారం వెలుతురు. ఒక చోటు ఎంత వెలుగుతుందన్నది అది దీపానికి ఏ కోణంలో ఉందన్న దాని మీద ఆధారపడుతుంది. ఉపరితలం నుంచి నిటారుగా బయటికి లేచే గీతను నార్మల్ అంటారు. ఆ గీత దీపం వైపు ఉంటే ఆ చోటు వెలుగుతుంది, పక్కకు ఒరిగే కొద్దీ మసకబారుతుంది. మేకు తల ఉబ్బెత్తుగా ఉందని కన్ను పోల్చుకునేది చాలావరకు ఈ వెలుగునీడల వల్లే. కాబట్టి చదును పట్టీ మీద సైతం ప్రతి పిక్సెల్‌కూ సరైన నార్మల్ చెప్పగలిగితే, అక్కడ మేకు లేకపోయినా ఉన్నట్టే కనబడుతుంది.

ఆ నార్మల్స్‌ను రంగులుగా రాసిన బొమ్మే నార్మల్ మ్యాప్. ఎరుపు కుడిఎడమల ఒరుగును, ఆకుపచ్చ పైకిందుల ఒరుగును, నీలం నిటారుదనాన్ని చెబుతాయి. ఒక్కో రంగుకు 0 నుంచి 255 దాకా విలువలు. ఏ వైపూ ఒరగని చోటు 128, 128, 255 అవుతుంది. ఈ మ్యాపులన్నీ లేత ఊదా కలిసిన నీలంలో కనబడటానికి కారణం అదే. మేకు తలకు కుడి అంచున ఎరుపు పెరుగుతుంది, ఎడమ అంచున తగ్గుతుంది. ఎక్కువ త్రిభుజాల మోడల్ నుంచి తక్కువ త్రిభుజాల మోడల్‌కు ఇలా నార్మల్స్ దించే మార్గాన్ని కోహెన్, ఒలానో, మనోచా 1998 సిగ్రాఫ్ సదస్సులో చూపించారు. 2004లో వచ్చిన డూమ్ 3 ఆటతో అది స్టూడియోల రోజువారీ పనిలో భాగమైంది.

బేకింగ్‌లో రెండు పెట్టెలనూ ఒకే చోట, ఒకదానిలో ఒకటి ఇమిడేలా నిలబెడతారు. లో పాలీ పెట్టెను విప్పి చదునుగా పరిస్తే వచ్చే యూవీ పటంలో ప్రతి పిక్సెల్‌కూ పెట్టె మీద ఒక చోటు ఉంటుంది. లో పాలీని కాస్త ఉబ్బించినట్టుండే కేజ్ అనే తొడుగు నుంచి ఆ చోటు వైపు ఒక కిరణం లోపలికి దూసుకొస్తుంది. దారిలో హై పాలీ తగిలిన చోట నార్మల్ ఎటు ఉందో చూసి ఆ పిక్సెల్‌లో రాస్తుంది. చేసేదంతా ఇంతే. బ్లెండర్‌లో అయితే Selected to Active పెట్టి, Extrusion దగ్గర తొడుగు ఎంత దూరంలో ఉండాలో చెబుతారు.

ఆ దూరంలోనే మొదటి చిక్కు. మేకు తల ఒక సెంటీమీటరు ఎత్తుండి, తొడుగు అర సెంటీమీటరే లేస్తే, కిరణం మేకు తల లోపలి నుంచే బయల్దేరుతుంది. పైనున్న నున్నటి గుండ్రం దానికి కనబడదు. మ్యాపులో మేకు ఉండాల్సిన చోట తెగిపోయిన వలయమో అర్థం లేని రంగు మచ్చో పడుతుంది. అలాగని దూరం మరీ పెంచితే పట్టీ కోసం వెళ్లిన కిరణానికి దాని ముందు వేలాడే కడియం అడ్డొచ్చి, కడియం అచ్చు పట్టీ మీద పడుతుంది. దీనికి మందు భాగాలను విడదీసి బేక్ చేయడం. సబ్‌స్టాన్స్ పెయింటర్‌లో kadiyam_low, kadiyam_high అని జంట పేర్లు పెట్టి, పేరును బట్టి జత కలపమంటే ఏ భాగం కిరణాలు ఆ భాగాన్నే చూస్తాయి.

అసలు తలనొప్పి మూలల దగ్గర. రెండు పలకలు 90 డిగ్రీల్లో కలిసే అంచున, కిరణాలు ఏ పలకకు ఆ పలక నిటారుగా వెళితే మధ్యలో ఖాళీ మిగిలి, ఆటలో అంచు పొడవునా ఒక గీత కనబడుతుంది. ఖాళీ రాకుండా తొడుగును మూలల దగ్గర విడిపోనివ్వకుండా కలిపి ఉంచుతారు. అప్పుడు అంచు మీద కిరణం 45 డిగ్రీలు ఒరుగుతుంది, పలక మధ్యకు పోయే కొద్దీ ఒరుగు తగ్గుతుంది. గీత పోతుంది కానీ మేకులు వంకరపోతాయి. కిరణం 30 డిగ్రీలు ఒరిగిన చోట సెంటీమీటరు ఎత్తున్న మేకు తల అర సెంటీమీటరుకు పైగా పలక మధ్య వైపు జరిగి అచ్చు పడుతుంది. మొదలు ఉన్న చోటే ఉంటుంది. చూసేవాళ్లకు మేకును ఎవరో పక్కకు తన్నినట్టుంటుంది.

చాలామంది దీన్ని ఫొటోషాప్‌లో దిద్దబోతారు. అది వృథా శ్రమ, ఎందుకంటే తప్పు రంగులో లేదు, కిరణం వచ్చిన దారిలో ఉంది. లో పాలీకి ఒక నకలు తీసి, మూలలకు దగ్గరగా అదనపు అంచు వరసలు చేర్చాలి. ఒరుగంతా ఆ సన్నటి పట్టీకే పరిమితమై, మిగతా పలక మీద కిరణాలు నిటారుగా దిగుతాయి. బేక్ అయ్యాక ఆ నకలును పక్కన పడేసి, మ్యాపును అసలు లో పాలీకి వేయొచ్చు. మార్మొసెట్ టూల్‌బ్యాగ్‌లో అయితే వంకర వచ్చిన చోట బ్రష్‌తో రాస్తే అక్కడి కిరణాలు నిటారవుతాయి. దీనితో పాటు ఒక నియమం తప్పనిసరి: మూల అంచును హార్డ్‌గా ఉంచితే యూవీ పటంలో కూడా అక్కడ కోత పడాలి, ముక్కల మధ్య కాస్త ఖాళీ ఉండాలి. లేకపోతే ఒక పలక రంగు రెండో పలకలోకి ఒలుకుతుంది.

మ్యాపు బాగానే వచ్చి ఆటలో మేకులన్నీ గుంటల్లా కనబడితే కంగారు పడక్కర్లేదు. బ్లెండర్, యూనిటీ ఆకుపచ్చను ఒక దిశలో చదువుతాయి, అన్‌రియల్ దానికి ఎదురు దిశలో చదువుతుంది. అన్‌రియల్‌లో ఆ టెక్స్చర్‌కు Flip Green Channel టిక్ పెడితే గుంటలు మళ్లీ మేకులవుతాయి. మేకులు మామూలుగానే ఉండి పెట్టె మొత్తం మీద నీడలు ఎటో తిరిగినట్టుంటే, మ్యాపును మామూలు రంగు బొమ్మగా చదువుతున్నారేమో చూసుకోవాలి. బ్లెండర్‌లో దానికి Non-Color అని పెట్టాలి.

ఇంత చేసినా ఈ పద్ధతి ఆకారాన్ని మార్చదు. పెట్టెను పక్క నుంచి అంచు వెంట చూస్తే మేకులు మాయమవుతాయి, పట్టీ చదునని తెలిసిపోతుంది. సెంటీమీటరు ఎత్తు మేకుకు ఆ మోసం చెల్లుతుంది, చేతికి పట్టే కడియానికి చెల్లదు. కడియాన్ని నిజంగానే మోడల్ చేయాలి. పన్నెండు ముక్కలుగా, ఆరు ముఖాల గొట్టంలా చేస్తే ఒక్కోదానికి 144 త్రిభుజాలు, రెండింటికీ 288. ఏడు వందల్లో అది పెద్ద వాటాయే, అయినా ఆ ఖర్చు అక్కడే పెట్టాలి.