మైటాసిస్సా, మియోసిస్సా?

కణ విభజనపై గంటసేపు సాగిన పాఠాన్ని ఫోన్‌తో అక్షరాల్లోకి మారిస్తే, చుక్కా కామా లేని ప్రవాహం వస్తుంది. "ఇందాక చెప్పాను కదా", "ఇప్పుడు రెండోది చూద్దాం" లాంటి మాటలను తొందరపడి కొట్టేయకూడదు. శీర్షిక ఎక్కడ పెట్టాలో చూపేవి అవే.

అసలు చిక్కు పదాలతోనే. మైటాసిస్, మియోసిస్ వినడానికి దగ్గరగా ఉంటాయి. ఒకదాని చోట మరొకటి పడినా వాక్యం నిక్షేపంగా కనిపిస్తుంది. దొంగను పట్టించేది పక్కనున్న అంకె. "మైటాసిస్‌లో నాలుగు కణాలు" అని ఉంటే అనుమానించాలి, అక్కడ వచ్చేవి రెండే. ఆ నిమిషం ఆడియో మళ్లీ విని, పదం దిద్ది, పక్కనే దాని అర్థం రాసుకోవాలి.

సారాంశం మాత్రం కాగితం మూసి రాయాలి: "మియోసిస్: రెండు విభజనలు, నాలుగు కణాలు, సగం క్రోమోజోములు." వీటిలో ఏది గుర్తురాకపోయినా ఆ శీర్షిక కిందిది మళ్లీ చదవాలి.