ఫైలు తెరవగానే కనిపించాల్సిన కాగితం

రాత్రి పదింటికి జ్వరంతో క్యాజువాలిటీకి వచ్చిన మనిషి చేతిలో ఓ ప్లాస్టిక్ ఫైలు కవరు ఉంటుంది. అందులో డిశ్చార్జ్ సమ్మరీ, స్కానింగు ఫిల్ములు, మందుల షాపు బిల్లులు, వాటి మధ్య ఎక్కడో సర్జన్ రాసిన ఫాలో-అప్ నోట్సు. ఆపరేషన్ చేసిన డాక్టరు ఆ వేళకి అక్కడ ఉండరు. డ్యూటీ డాక్టరుకి వెంటనే కావాల్సింది రెండు సంగతులు: ఈ గాయం నిన్నమొన్నటిదాకా ఎలా ఉంది, ఇప్పుడు ఏం మారింది? సమాధానం నోట్సులోనే ఉంటుంది, కానీ పేజీలకి పేజీలు చదివితే గానీ దొరకదు. అందుకే ఆ నోట్సు మొత్తాన్నీ ఒక్క పేజీ పట్టికగా కుదించి ఫైలుకి పైనే పెడతారు. ఈ పని మామూలుగా హౌస్ సర్జన్ మీదో వార్డు సిస్టర్ మీదో పడుతుంది. చూడ్డానికి గుమాస్తా పనిలా ఉంటుంది గానీ, ఏది వదలకూడదో తెలియాలంటే గాయం ఎలా మానుతుందో తెలిసుండాలి.

ఊహకి ఒక కేసు అనుకుందాం. యాభై దాటిన షుగర్ మనిషి. అపెండిక్స్ పగిలి, మార్చి 3న పొట్ట మధ్యలో నిలువుగా కోసి ఆపరేషన్ చేశారు. చర్మానికి 11 క్లిప్పులు వేశారు. సర్జన్ నోట్సు కుదిస్తే ఇలా వచ్చింది. కొలతలు పొడవు, వెడల్పు, లోతు వరసలో, సెంటీమీటర్లలో ఉన్నాయి. షుగర్ అంతా ర్యాండమే.

| రోజు | గాయం | కారుతున్నది | జ్వరం; షుగర్ | చేసింది |
|---|---|---|---|---|
| 3 (మార్చి 6) | అంచులు కలిసున్నాయి, ఎరుపు లేదు | ఏమీ లేదు | 99. రాయలేదు | డ్రెస్సింగ్ మార్పు |
| 6 (మార్చి 9) | కింది కొసన ఎరుపు 2 సెం.మీ., నొక్కితే నొప్పి | చీము, సుమారు 10 మి.లీ. | 101, 268 | 2 క్లిప్పులు తీసి తెరిచారు, చీము కల్చర్‌కి |
| 9 (మార్చి 12) | 4 × 2 × 2, ఎరుపు 1 సెం.మీ. | పల్చటి చీము, కొద్దిగా | 99.4, 190 | కల్చర్ రిపోర్టు చూసి యాంటీబయాటిక్ మార్చారు |
| 12 (మార్చి 15) | 4 × 2 × 1.5, ఎరుపు లేదు | రసి | 98.6, రాయలేదు | మిగతా 9 క్లిప్పులు తీశారు |
| 20 (మార్చి 23) | 3 × 1 × 0.5, ఎర్రటి కొత్త కండ | రసి, కొద్దిగా | రాయలేదు. 148 | రోజు విడిచి రోజు డ్రెస్సింగ్ |

మొదటి గడిలో తేదీ ఒక్కటే వేస్తే చాలదు, ఆపరేషన్ తర్వాత ఎన్నో రోజో కూడా ఉండాలి. ఒకటో రెండో రోజున వచ్చే జ్వరానికి గాయం కారణం కావడం అరుదు. గాయంలో చీము పట్టడం ఎక్కువగా అయిదో రోజు దాటాకే బయటపడుతుంది. కాబట్టి ఆరో రోజు అన్న మాట కంటపడగానే డాక్టరు చూపు గాయం మీదకి వెళుతుంది. ఇక్కడే ఓ తిరకాసు కూడా ఉంది. సర్జన్లు ఆపరేషన్ రోజుని సున్నాగా లెక్కపెడతారు. డ్రెస్సింగ్ రూములో రాసేవాళ్ళు కొందరు దాన్నే ఒకటో రోజు అంటారు. దాంతో మార్చి 9 ఒక కాగితంలో ఆరో రోజు, ఇంకో కాగితంలో ఏడో రోజు అవుతుంది. పట్టిక రాసేవాళ్ళు ఆ అంకెల్ని ఎత్తి రాయకుండా, ప్రతి తేదీ నుంచీ తామే లెక్క కట్టుకోవాలి.

గాయం గడిలో నేను గట్టిగా పట్టుబట్టేది లోతు గురించి. నోట్సులో ‘గాయం చిన్నదైంది’ అని ఉంటే కుదించేవాళ్ళకి హాయిగా ఉంటుంది, ఒక మాటలో అయిపోతుంది. కానీ తెరిచిన గాయం అడుగు నుంచి పైకి పూడుతూ రావాలి. సెలైన్లో తడిపిన గాజ్ గుడ్డని వదులుగా లోపల పెట్టేదే అందుకు. పైన చర్మం ముందే దగ్గరైపోతే అడుగున ఖాళీ మిగిలి, అందులో మళ్ళీ చీము చేరుతుంది. మన పట్టికలో తొమ్మిదో రోజు నుంచి పన్నెండుకి పొడవూ వెడల్పూ కదల్లేదు, లోతు మాత్రం అర సెంటీమీటరు తగ్గింది. పొడవొక్కటే రాసుంటే ‘మార్పు లేదు’ అనిపించేది, నిజానికి గాయం సరిగ్గా మానుతోంది. ఇదే తలకిందులై, పొడవు ఒక సెంటీమీటరుకి తగ్గి లోతు రెండు దగ్గరే ఆగిపోయి ఉంటే, పైకి ఎంత బాగున్నా అనుమానించాల్సిందే.

కారుతున్నది ఏమిటన్నది కూడా సర్జన్ మాటల్లోనే దిగాలి. రసి, చీము, నెత్తురు ఒక్కోటీ ఒక్కో కథ చెబుతాయి. అన్నిటికంటే భయపెట్టేది, మొదటి రెండు వారాల్లో ఉన్నట్టుండి డ్రెస్సింగంతా తడిపేసే గులాబీ రంగు నీరు. లోపల పొట్ట గోడకి వేసిన కుట్టు వదులుతోందనడానికి అదే మొదటి గుర్తు కావచ్చు, చర్మం పైన ఇంకా కలిసే ఉన్నా సరే. దాన్ని ‘కొద్దిగా రసి’ అని కుదించేస్తే రోగిని ఆ రోజే మళ్ళీ థియేటర్‌కి తీసుకెళ్ళాల్సిన సంగతి పట్టికలోంచి మాయమైపోతుంది.

ఇక ‘రాయలేదు’ అన్న గళ్ళు. పట్టిక నిండుగా కనబడాలన్న యావతో చాలామంది అక్కడ ‘లేదు’ అనో ‘నార్మల్’ అనో వేసేస్తారు. ఇరవయ్యో రోజు నోట్సులో జ్వరం మాటే లేదు. అంటే జ్వరం లేదనా, థర్మామీటరు పెట్టలేదనా? నోట్సు చెప్పని సంగతిని పట్టిక చెప్పకూడదు. అనుమానాల విషయమూ అంతే. సర్జన్ ప్రశ్న గుర్తు పెట్టి రాసిన మాట ప్రశ్న గుర్తుతోనే పట్టికలోకి రావాలి. అది ఊడిపోతే, అనుమానం కాస్తా రోగ నిర్ధారణ అయి కూర్చుంటుంది.

కంప్యూటర్లో నోట్సు రాసే చోట్ల ఇంకో తలనొప్పి. పాత నోట్సుని కాపీ చేసి నాలుగు మాటలు మార్చడం అలవాటైపోయింది. మన కేసులో ఇరవయ్యో రోజు నోట్సు చివర ‘క్లిప్పులు అలాగే ఉన్నాయి’ అని ఉందనుకోండి. ఆరో రోజు రెండు, పన్నెండో రోజు తొమ్మిది, కలిపితే పదకొండు. మిగిలినవేవీ లేవు. ఆ వాక్యం పాత నోట్సులోంచి జారిపడింది. ఇలాంటివి పట్టుకోవడానికి వైద్యం అక్కర్లేదు, కూడికలు వస్తే చాలు. కానీ పట్టిక రాసేవాళ్ళు దాన్ని తమంతట తాము సరిచేసి ఊరుకోకూడదు. ఒక వాక్యం తప్పని తేలింది కదా, అదే నోట్సులోని కొలత కూడా పాతదేమో ఎవరికి తెలుసు? పట్టిక కింద ‘20వ రోజు నోట్సులో తేడా ఉంది, డాక్టరు చూడాలి’ అని రాసి, సర్జన్ చూసి సంతకం పెట్టాకే ఫైల్లో పెట్టాలి. అసలు నోట్సు దాని వెనకే ఉండాలి.

ఊళ్ళో రోజూ కట్టు కట్టే నర్సుకి కూడా ఇదే కాగితం పనికొస్తుంది. కింద నాలుగు ఖాళీ వరసలు వదిలితే ఆవిడ కొలిచినవీ అందులోనే చేరతాయి. సర్జన్ కోరిన తనిఖీ ఒకటి మాత్రం ముందే రాసి ఉంచాలి. చీము పట్టిన కోత దగ్గర తర్వాత హెర్నియా వచ్చే అవకాశం ఎక్కువ. అది నెలల తర్వాత, ఒక్కోసారి గాయం మాట అందరూ మరిచిపోయాక, బయటపడుతుంది. అందుకని 3 నెలలకి, 6 నెలలకి, ఏడాదికి ఒక్కో వరస గీసి, గాయం గడిలో ముందే ఇలా రాయొచ్చు: ‘నిలబెట్టి దగ్గించి చూడాలి, మచ్చ దగ్గర ఉబ్బు ఉందా?’