కాన్పు ఖర్చుకు ఆరోగ్య బీమా: నెలలు లెక్కపెట్టుకొని పాలసీ తీసుకోండి



కోడలికో కూతురికో నెల తప్పిందని తెలిసిన తరువాత, కాన్పు ఖర్చుకు పనికొస్తుందని ఆరోగ్య బీమా పాలసీ తీసుకునే కుటుంబాలు ఉన్నాయి. ప్రీమియం కడతారు, కార్డు చేతికి వస్తుంది. తొమ్మిది నెలల తరువాత ఆస్పత్రి బిల్లు పెడితే ఒక్క రూపాయి కూడా రాదు. ఇది మోసం కాదు. పాలసీ పుస్తకంలో ముందే రాసి ఉన్న నిబంధన. అదేమిటో, దానికి తగినట్లు ఎట్లా నడుచుకోవాలో ఈ వ్యాసంలో వివరిస్తున్నాము.

పశువుల బీమా సంగతి మన సభ్యులకు తెలిసిందే. జబ్బుపడిన గేదెను చూపించి పాలసీ అడిగితే ఎవరూ ఇవ్వరు. డాక్టరు చూసి ఆరోగ్యంగా ఉందని రాసి, చెవికి బిళ్ళ వేసిన తరువాతే బీమా. జరుగుతుందో లేదో తెలియని నష్టానికే బీమా ఉంటుంది. జరగబోతున్నదని ముందే తెలిసిన ఖర్చుకు ఉండదు. మనుషుల ఆరోగ్య బీమాలో కాన్పు విషయంలోనూ ఇదే సూత్రం.

కాన్పు మామూలు పాలసీలో ఉండదు

మన దేశంలో ఆరోగ్య పాలసీల మినహాయింపులను బీమా నియంత్రణ సంస్థ ఒకే మాటల్లో, నంబర్లతో ఖరారు చేసింది. అందులో 18వ నంబరు మినహాయింపు కాన్పుకు సంబంధించినది. మామూలు కాన్పు, సిజేరియన్, కష్టమైన కాన్పు, గర్భస్రావం ఇవన్నీ దీనికిందకు వస్తాయి. గర్భసంచి బయట గర్భం నిలిచిన సందర్భానికీ, ప్రమాదం వల్ల జరిగిన గర్భస్రావానికీ ఈ మినహాయింపు వర్తించదు. పిల్లలు కలగడానికి చేయించుకునే చికిత్స 17వ నంబరు కింద విడిగా మినహాయించబడి ఉంటుంది.

కాన్పు ఖర్చు కావాలంటే ఆ సదుపాయం కలిసి ఉన్న పాలసీనైనా తీసుకోవాలి, లేదా అదనపు ప్రీమియం కట్టి దాన్ని చేర్చుకోవాలి. చేర్చుకున్నా వెంటనే అమలులోకి రాదు. దానికి ముందు కొంతకాలం ఆగాలి. దీన్నే వెయిటింగ్ పీరియడ్ అంటారు. కంపెనీని బట్టి, పాలసీని బట్టి ఇది 9 నెలల నుంచి 4 ఏళ్ళ వరకు ఉంటుంది. చాలా పాలసీలలో 2 లేక 3 ఏళ్ళు. అప్పటికే గర్భిణి అయినవారికి ఆ కాన్పు ఖర్చు దాదాపుగా రాదనే అనుకోవాలి. కొన్ని కంపెనీలు గర్భిణికి కొత్త పాలసీ ఇవ్వకుండా కాన్పు అయ్యాక రమ్మంటాయి. దరఖాస్తులో గర్భం సంగతి అడిగితే దాచకండి. దాచినట్లు తేలితే రేపు వేరే జబ్బుకు పెట్టిన బిల్లు కూడా తిరస్కరించే అవకాశం ఉంది.

ఒక లెక్క చూద్దాము

ఒక సభ్యుని కుమారునికి పెళ్ళయిన వెంటనే 2024 జూలై 1న భార్యాభర్తలిద్దరి పేర పాలసీ తీసుకున్నారనుకుందాము. కాన్పుకు 24 నెలలు ఆగాలి. అంటే 2026 జూన్ 30తో గడువు తీరుతుంది. కాన్పుకు అదనపు ప్రీమియం ఏడాదికి 7,000 రూపాయలు. సిజేరియన్ అయితే 50,000, మామూలు కాన్పు అయితే 35,000 రూపాయల వరకు మాత్రమే కంపెనీ ఇస్తుంది.

2026 సెప్టెంబరులో సిజేరియన్ అయి 82,000 బిల్లు అయితే కంపెనీ 50,000 ఇస్తుంది, 32,000 ఇంటివారే కట్టుకోవాలి. మూడు ఏళ్ళకు కట్టిన అదనపు ప్రీమియం 21,000 తీసివేస్తే మిగిలిన లాభం 29,000. మామూలు కాన్పు అయితే లాభం 14,000 మాత్రమే. నెలనెలా డాక్టరుకు చూపించుకునే ఖర్చు, స్కానింగుల ఖర్చు చాలా పాలసీలలో విడిగా రావు. కనుక కాన్పు బిల్లు ఒక్కటే చూసుకుంటే ఇది పెద్ద లాభసాటి బేరమేమీ కాదు.

అసలు నష్టం మరొకచోట ఉంది. అదే కోడలికి డాక్టరు 2026 జూలై 20న కాన్పు అని చెప్పారనుకుందాము. గడువు దాటిన 20 రోజులకు కాన్పు గనుక ఇబ్బంది లేదని ఇంట్లో నిశ్చింతగా ఉన్నారు. నెలలు నిండకుండా, జూన్ 14నే నొప్పులు వచ్చి బిడ్డ పుట్టింది. గడువుకు 16 రోజుల ముందు! కాన్పు ఖర్చు రాదు. అంతకంటే ముఖ్యం, నెలలు నిండని బిడ్డను పిల్లల ఇంటెన్సివ్ కేర్‌లో పెట్టవలసి వస్తే ఆ ఖర్చు కాన్పు ఖర్చుకు ఎన్నో రెట్లు కావచ్చు. పుట్టిన రోజు నుంచి బిడ్డకు రక్షణ అనేది చాలా పాలసీలలో కాన్పు సదుపాయంతో ముడిపడి ఉంటుంది. కాన్పు చెల్లకపోతే అదీ చెల్లదు. బిడ్డ పేరు విడిగా చేర్చాలంటే 90 రోజులు నిండాలని అనేక పాలసీలు చెబుతాయి. ప్రమాదం ఎక్కువగా ఉండేది ఆ 90 రోజులలోనే.

అందువల్ల గడువు తేదీని డాక్టరు చెప్పిన కాన్పు తేదీతో సరిపెట్టుకోకండి. దానికి కనీసం రెండు నెలల ముందే గడువు తీరేటట్లు చూసుకోవాలి.

గడువు తెగిపోకుండా

ఏటా ప్రీమియం సకాలంలో కడితేనే ఆగిన నెలలు లెక్కకు వస్తాయి. తేదీ దాటితే 30 రోజుల వెసులుబాటు ఉంటుంది. ఆలోగా కడితే పాత లెక్క నిలుస్తుంది, కాని కట్టని రోజులలో ఆస్పత్రిలో చేరితే ఆ బిల్లు రాకపోవచ్చు. 30 రోజులూ దాటితే కొత్త పాలసీయే, మళ్ళీ మొదటి నుంచి ఆగవలసిందే. జూలైలో కట్టవలసినవారు మే, జూన్ నెలల పాల బిల్లుల నుంచి కొంత తీసి పెట్టుకుంటే ఈ ఇబ్బంది రాదు.

ఇప్పటికే గర్భిణి అయితే

కుమారుడో అల్లుడో కంపెనీలో ఉద్యోగం చేస్తుంటే ముందు అక్కడ అడగండి. ఉద్యోగుల గ్రూపు పాలసీలలో కాన్పు సదుపాయం చాలావరకు మొదటి రోజు నుంచే ఉంటుంది. పెళ్ళి కాగానే భార్య పేరు, పుట్టగానే బిడ్డ పేరు చేర్పించాలి. ఉద్యోగం మానితే ఆ రక్షణ పోతుంది.

అది లేనివారికి ప్రభుత్వ ఆస్పత్రే ఆధారం. 2011లో మొదలైన జననీ శిశు సురక్ష కార్యక్రమం కింద కాన్పు, సిజేరియన్, మందులు, పరీక్షలు, రక్తం, రాకపోకల వాహనం ఉచితం. జబ్బుపడిన పసిబిడ్డ చికిత్స కూడా ఇందులోనే ఉంది. దీనికి ఆగవలసిన కాలమంటూ లేదు.

సంతకం చేసే ముందు

ఏజెంటు నోటిమాట నమ్మకుండా నాలుగు సంగతులు పాలసీ పుస్తకంలో చూపించమనండి. కాన్పుకు ఎన్ని నెలలు ఆగాలి, ఏ తేదీ నుంచి లెక్క? భార్యాభర్తలిద్దరూ అదే పాలసీలో ఉండాలా? కాన్పుకు ఎంత వరకు ఇస్తారు? బిడ్డకు ఏ రోజు నుంచి, ఎంత వరకు రక్షణ? పాలసీ అందిన తరువాత 30 రోజుల లోపు చదువుకొని, నచ్చకపోతే తిప్పి పంపే హక్కు మీకున్నది. కొద్దిపాటి ఖర్చులు మినహాయించి ప్రీమియం వెనక్కి ఇస్తారు. చదవడం ఇబ్బంది అయితే పుస్తకాన్ని సంఘానికి తీసుకువచ్చి, కార్యదర్శి చేత ఈ నాలుగు సంగతులు చదివించుకోండి.